గడువు కాగితానికా, చేతులకా?

నా దగ్గర ఒక సర్టిఫికెట్ ఉంది. చుట్టూ బంగారు రంగు అంచు, కింద రెండు సంతకాలు, మూలన ఒక ఎర్ర సీలు. 'ఫస్ట్ ఎయిడ్ అండ్ సీపీఆర్' అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. దాని కింద చిన్నగా 'లైఫ్‌టైమ్ వ్యాలిడిటీ' అని కూడా ఉంటుంది. 299 రూపాయలు కట్టి, నలభై నిమిషాల వీడియోని రెట్టింపు స్పీడులో చూసి, పది ప్రశ్నల క్విజ్‌లో తొమ్మిది తెచ్చుకుని, హాస్టల్ మంచం మీద పడుకునే సంపాదించాను. రెజ్యూమెలో పెట్టాను. మీలో చాలామంది దగ్గర కూడా ఇలాంటిది ఒకటి ఉంటుందని నాకు తెలుసు, ఎందుకంటే ఆ లింకు మన క్లాసు గ్రూపులోనే తిరిగింది.

ఆ సర్టిఫికెట్ విలువ ఎంతో నాకు 2025 వేసవిలో ఇంటర్న్‌షిప్‌లో తెలిసింది. అప్పటి నుంచి ఈ విషయం మీద నాకు ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది. ముందు జరిగింది చెప్పి, తర్వాత అభిప్రాయం చెప్తాను.

పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీ. నన్ను సేఫ్టీ విభాగంలో వేశారు. రెండో వారంలో సేఫ్టీ ఆఫీసర్ గారు ఒక ఎక్సెల్ షీట్, ఒక లావుపాటి ఫైలు నా ముందు పెట్టి, "ఫస్ట్ ఎయిడర్ల లిస్టు ఇది. ఇన్‌స్పెక్షన్‌కి ముందు ఒకసారి సరిచూడు తమ్ముడూ" అన్నారు. పది నిమిషాల పని అనుకున్నాను. మూడు రోజులు పట్టింది.

అప్పటికి అమల్లో ఉన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం. అందులో 45వ సెక్షన్ ప్రకారం ఒకే సమయంలో పనిచేసే ప్రతి 150 మంది కార్మికులకి కనీసం ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. ప్రతి పెట్టెకీ ఒక బాధ్యుడు ఉండాలి. ఆ బాధ్యుడి దగ్గర రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉండాలి, పని గంటలన్నింటిలో అతను అందుబాటులో ఉండాలి. ఇక్కడ 'ఒకే సమయంలో' అన్న మాట ముఖ్యం. లెక్క మొత్తం మీద కాదు, షిఫ్టు షిఫ్టుకీ వేయాలి.

ఆ ఫ్యాక్టరీలో పగటి షిఫ్టులో 260 మంది, మధ్యాహ్నం షిఫ్టులో 130 మంది, రాత్రి 90 మంది. అంటే పగలు ఇద్దరు బాధ్యులు, మధ్యాహ్నం ఒకరు, రాత్రి ఒకరు. రోజుకి నలుగురు. వారపు సెలవులు, జ్వరాలు, పెళ్ళిళ్ళు అన్నీ చూసుకుంటే దానికి రెట్టింపు, ఎనిమిది మంది ఉంటే ధైర్యంగా ఉండొచ్చని ఆఫీసర్ గారి లెక్క. షీటులో పదకొండు పేర్లున్నాయి. అవసరానికి మించే ఉన్నాయి కదా అని నేను సంబరపడ్డాను.

"పేర్లు కాదు, ఫైల్లో కాగితాలు తీసి చూడు" అన్నారాయన.

తీశాను. ముగ్గురివి గడువు దాటిపోయాయి, అందులో ఒకటి దాటి రెండేళ్ళయింది. ఇంకో మూడు అచ్చం నా లాంటివే: ఆన్‌లైన్ వీడియో, క్విజ్, బంగారు అంచు. మిగిలిన అయిదింటిలో ఒకదాని మీద ఉన్న సంస్థ పేరు ఎక్కడ వెతికినా దొరకలేదు. కాగితం మీద ఫోన్ నంబరు మాత్రం ఉంది. ఆఫీసర్ గారు స్పీకర్ పెట్టి కాల్ చేయమన్నారు. చేశాను. ఫలానా వ్యక్తి మీ దగ్గర ఏ తేదీన ట్రైనింగ్ తీసుకున్నారో చెప్పగలరా అని అడిగాను. అవతలి మనిషి ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"రెన్యువలా సార్? పేరు వాట్సాప్ చేయండి. డేట్ ఏది వేయమంటారు?"

ఆ పేరూ కొట్టేశాం. పదకొండులో మిగిలింది నలుగురు. వాళ్ళలో ముగ్గురు పగటి షిఫ్టు, ఒకరు మధ్యాహ్నం. రాత్రి షిఫ్టు గడిలో సున్నా. తొంభై మంది మనుషులు, తిరిగే మెషీన్లు, వేడి పైపులు, ఒక్క ఫస్ట్ ఎయిడర్ లేడు. షీటు మాత్రం ఇన్నాళ్ళూ ఆకుపచ్చ రంగులోనే ఉంది.

తర్వాత ఆయన నా వైపు తిరిగి, "నీ రెజ్యూమెలో కూడా ఉందిగా సీపీఆర్. రా, చూద్దాం" అన్నారు.

ట్రైనింగ్ రూములో ప్లాస్టిక్ కవరు కప్పిన ఒక మానికిన్ ఉంది. నడుము దాకా ఉండే రబ్బరు బొమ్మ. ఛాతీని తగినంత లోతుకి నొక్కితే లోపల 'టక్' మని శబ్దం వస్తుంది, లేకపోతే రాదు. పెద్దవాళ్ళకి ఛాతీ కనీసం 5 సెంటీమీటర్లు దిగాలి, 6 దాటకూడదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఈ అంకెలు నాకు కంఠతా వచ్చు, క్విజ్‌లో నాకు మార్కులు తెచ్చినవి ఇవే.

మోకాళ్ళ మీద కూర్చుని మొదలుపెట్టాను. ఆయన వాచీ చూస్తున్నారు. ముప్ఫై నొక్కులు అవగానే ఆపమన్నారు. "పదమూడు సెకన్లు" అన్నారు. లెక్క వేసుకోండి: నిమిషానికి 100 నుంచి 120 అంటే ముప్ఫై నొక్కులకి పదిహేను నుంచి పద్ధెనిమిది సెకన్లు పట్టాలి. నేను నిమిషానికి దాదాపు 140 వేగంతో పోతున్నాను. ముప్ఫైలో 'టక్' మన్నవి పది కూడా లేవు. కంగారులో వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే లోతు తగ్గుతుంది. నిమిషం దాటేసరికి మోచేతులు వంగిపోయాయి, నడుము నొప్పెట్టింది. రెండు నిమిషాలకొకసారి నొక్కే మనిషిని మార్చాలని క్విజ్‌లో టిక్ పెట్టినవాడిని నేనే. అదెందుకో అప్పుడు ఒంటికి అర్థమైంది.

ఆ తర్వాత ఆయన లిస్టులో మిగిలిన నలుగురిలో ఒకాయనని పిలిచారు. మెషీన్ షాపులో పనిచేస్తారు. పద్నాలుగు నెలల క్రితం ఒక మంచి సంస్థలో బొమ్మ మీద సాధన చేసి, పరీక్ష పాసై, నిజమైన కార్డు తెచ్చుకున్నారు. గడువు ఇంకా పది నెలలు ఉంది. ఆయన నాకంటే చాలా నయం, కానీ ఆయన దగ్గరా రెండు లోపాలు కనిపించాయి. చేతులు ఉండాల్సిన చోటు కంటే కొంచెం కిందికి, పొట్ట వైపు జరిగాయి. నొక్కిన తర్వాత బరువు పూర్తిగా తీయడం లేదు, ఛాతీ మీద వాలిపోతున్నారు. ఛాతీ పూర్తిగా పైకి లేస్తేనే గుండెలోకి మళ్ళీ రక్తం నిండుతుంది. నిండని గుండెని ఎంత నొక్కినా మెదడుకి పోయే రక్తం తక్కువే. రెండు లోపాలూ చెప్పగానే ఆయన పది నిమిషాల్లో సర్దుకున్నారు. నాకు గంట పట్టింది, అయినా సరిగ్గా రాలేదు.

ఆ మధ్యాహ్నం నేను చూసినవి మూడు. గడువే లేని నా కాగితం, చేతకాని నా చేతులు. గడువున్న ఆయన కార్డు, కొంచెం తుప్పు పట్టిన చేతులు. ఆకుపచ్చ రంగు షీటు, ఖాళీ రాత్రి షిఫ్టు. నా అభిప్రాయం ఈ మూడింటిలోంచి వచ్చిందే.

*రెండేళ్ళు తక్కువా?*

సర్టిఫికెట్ల గడువు మీద మనవాళ్ళ ఫిర్యాదు ఒకటే. నా రూమ్మేట్ మాటల్లో చెప్పాలంటే, "డిగ్రీకి లేని ఎక్స్‌పైరీ దీనికెందుకురా, అంతా రెన్యువల్ ఫీజు కోసం." ఇందులో కొంత నిజం ఉంది, దానికి తర్వాత వస్తాను. కానీ గడువు వెనక రెండు కారణాలున్నాయి, రెండూ ఫీజుతో సంబంధం లేనివి.

మొదటిది, పాఠమే మారుతుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ అయిదేళ్ళకొకసారి పునరుజ్జీవన మార్గదర్శకాలని సవరిస్తుంది. 2010కి ముందు నేర్చుకున్నవాళ్ళు ముందు శ్వాసమార్గం, తర్వాత ఊపిరి, ఆ తర్వాత ఛాతీ నొక్కడం అన్న వరస నేర్చుకున్నారు. 2010లో ఆ వరస తిరగబడింది, పెద్దవాళ్ళలో ముందు ఛాతీ నొక్కడం మొదలుపెట్టమన్నారు. లోతుకి 6 సెంటీమీటర్లు, వేగానికి 120 అన్న పై హద్దులు 2015లో వచ్చాయి. 2025 అక్టోబరులో వచ్చిన సవరణలో గొంతులో ఏదైనా అడ్డుపడిన పెద్దవాళ్ళకి ముందు వీపు మీద అయిదు దెబ్బలు, ఆ తర్వాత పొట్ట మీద అయిదు నొక్కులు, ఇలా మార్చి మార్చి చేయమన్నారు. అంతకుముందు ఆ సంస్థ పెద్దవాళ్ళకి పొట్ట నొక్కులే నేర్పేది. నా 'లైఫ్‌టైమ్' సర్టిఫికెట్ వీడియోలో పాత పద్ధతే ఉంది. అంటే నా జీవితాంతం చెల్లే ఆ కాగితం, నేను ఇంజనీరింగ్ పూర్తి చేయకముందే పాతబడింది.

రెండోది ఇంకా ముఖ్యం, చేతులు మర్చిపోతాయి. ఈ విషయం మీద చాలా అధ్యయనాలు జరిగాయి. శిక్షణ తర్వాత మూడు నుంచి ఆరు నెలల్లోనే సీపీఆర్ నైపుణ్యం తగ్గడం మొదలవుతుందని అవి చెప్తున్నాయి. బుర్రలో అంకెలు ఉంటాయి, చేతుల్లో లోతు ఉండదు. సైకిల్ తొక్కడం మర్చిపోం కదా అంటారేమో, సైకిల్ నేర్చుకున్నాక రోజూ తొక్కుతాం. సీపీఆర్ నేర్చుకున్నవాళ్ళలో చాలామందికి దాన్ని వాడే సందర్భం రాదు, వచ్చిన రోజు మాత్రం ముందు ఒకసారి ప్రాక్టీస్ చేసుకునే టైము ఉండదు. గుండె ఆగితే నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

కాబట్టి ఆ హార్ట్ అసోసియేషన్ కార్డుకి రెండేళ్ళు, బ్రిటన్‌లో పనిచోటు ప్రథమ చికిత్స సర్టిఫికెట్‌కి మూడేళ్ళు అని పెట్టిన గడువు తక్కువ అనడం తప్పు. చేతుల లెక్కన చూస్తే ఆ గడువు ఎక్కువే. ఈ మాట పెట్టినవాళ్ళకీ తెలుసు. అందుకే బ్రిటన్ ఆరోగ్య, భద్రతల సంస్థ హెచ్‌ఎస్‌ఈ, సర్టిఫికెట్ మూడేళ్ళు చెల్లినా ఏటా ఒక పూట రిఫ్రెషర్ చేయమని గట్టిగా చెప్తుంది. అమెరికాలో చాలా ఆస్పత్రులు మూడు నెలలకొకసారి కొద్ది నిమిషాలు బొమ్మ మీద సాధన చేయించే పద్ధతికి మారాయి.

ఇక ఫీజు సంగతి. మంచి శిక్షణకి ఖర్చు వేలల్లో ఉంటుంది, నిజమే. ఆ ఖర్చు మెషీన్ షాపు కార్మికుడి జేబులోంచి రావాలంటే అతను కూడా 'డేట్ ఏది వేయమంటారు' అనే నంబరుకే ఫోన్ చేస్తాడు. ఫస్ట్ ఎయిడర్ అవసరం కంపెనీది. ఖర్చు, శిక్షణకి పోయే పని గంటలు రెండూ కంపెనీవే కావాలి. గడువు తగ్గించమనో పెంచమనో కాదు, బిల్లు ఎవరిదో తేల్చమని అడగడం న్యాయం.

*కాగితాన్ని కాదు, ఇచ్చినవాణ్ణి చూడాలి*

ఇప్పుడు అసలు సంగతి. గడువు తేదీ చూడటం కంపెనీకి తేలిక. తేదీ దాటిందా లేదా అని ఎక్సెల్ చెప్పేస్తుంది. ఆ కాగితం ఇచ్చిన సంస్థ బొమ్మ మీద చేయించిందా లేదా అన్నది ఎక్సెల్‌కి తెలియదు. దానికి మనిషి అడగాలి.

బ్రిటన్‌లో ఒకప్పుడు ఈ పని హెచ్‌ఎస్‌ఈ స్వయంగా చేసేది. ఏ సంస్థలు పనిచోటు ప్రథమ చికిత్స నేర్పొచ్చో అదే ఆమోదించేది. 2013 అక్టోబరు 1 నుంచి ఆ ఆమోదం ఆపేసింది. అప్పటి నుంచి సరైన సంస్థని ఎంచుకునే బాధ్యత యజమానిదే. ఎంచుకునేటప్పుడు ఏమేం చూడాలో మాత్రం చెప్పింది: నేర్పేవాళ్ళకి, పరీక్షించేవాళ్ళకి ఉన్న అర్హత, వాళ్ళ పనిని పైనుంచి తనిఖీ చేసే ఏర్పాటు, నేర్పేది ఇప్పుడు ఆమోదంలో ఉన్న పద్ధతేనా అన్నది, పాఠ్యాంశాలు, సర్టిఫికెట్ మీద ఉండాల్సిన వివరాలు. అక్కడ పూర్తి స్థాయి కోర్సు మూడు రోజులు, కనీసం 18 గంటలు. అత్యవసర స్థాయిది ఒక రోజు, 6 గంటలు. కాబట్టి 'ఫస్ట్ ఎయిడ్ ఎట్ వర్క్' అని రాసి ఉండి రెండు గంటల్లో ముగిసిందంటే ఇంకేమీ చూడక్కర్లేదు. మన సీనియర్లలో అక్కడ ఎమ్మెస్ చేస్తూ కేర్ హోముల్లో పార్ట్‌టైమ్ చేసేవాళ్ళున్నారు. ఇక్కడి నుంచి పట్టుకెళ్ళిన బంగారు అంచు కాగితం అక్కడ ఎందుకు చెల్లదో వాళ్ళకి చెప్పాల్సిన పని లేదు.

మా ఆఫీసర్ గారు చేసింది కూడా దాదాపు ఇదే, చాలా మామూలు పద్ధతిలో. ఆయన నాకు నేర్పిన వరస చెప్తాను. రేపు మనలో కొందరు సేఫ్టీలోనో హెచ్‌ఆర్‌లోనో కూర్చుంటారు, అప్పుడు పనికొస్తుంది.

కార్డు మీద అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పేరుంటే పని సులువు. ఆ కార్డులు ఇప్పుడు ఎలక్ట్రానిక్ రూపంలో ఉంటాయి, ప్రతిదానికీ ఒక కోడ్ ఉంటుంది. `heart.org/cpr/mycards` అనే పేజీలో ఆ కోడ్ ఇస్తే అది నిజమైనదో కాదో తెలిసిపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. కార్డు మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి 'వెరిఫైడ్' అని ఆకుపచ్చ టిక్ రాగానే సంతోషపడొద్దు. దొంగ కార్డు మీద క్యూఆర్ కూడా దొంగదే, అది వాళ్ళ సొంత వెబ్‌సైట్‌కే తీసుకెళ్తుంది. అడ్రసు మన చేత్తో టైప్ చేయాలి. ఇంకో సంగతి, ఆ సంస్థ కోర్సులో సిద్ధాంతం ఆన్‌లైన్‌లో చేయొచ్చు కానీ చేతుల పరీక్ష అవ్వకుండా కార్డు రాదు. ఆన్‌లైన్ భాగం పూర్తయినట్టు ఇచ్చే కాగితం వేరు, కార్డు వేరు. మొదటిది చూపించి రెండోది అని నమ్మించేవాళ్ళున్నారు.

వేరే సంస్థ అయితే ఫోన్ చేయాలి. కాగితం మీది నంబరుకి కాదు, విడిగా వెతికి పట్టుకున్న నంబరుకి. అడగాల్సినవి నాలుగే: ఫలానా మనిషి ఏ తేదీన, ఎన్ని గంటలు వచ్చాడు? నేర్పింది ఎవరు, ఆయన అర్హత ఏమిటి? ఎంతమందికి ఎన్ని బొమ్మలు పెట్టారు? చేతుల పరీక్ష పెట్టారా, తప్పినవాళ్ళని ఏం చేశారు? నిజంగా నేర్పిన సంస్థకి రిజిస్టర్ ఉంటుంది, అయిదు నిమిషాల్లో చెప్తుంది. చివరి ప్రశ్నకి 'మా దగ్గర అందరూ పాసేనండీ' అన్నారంటే జవాబు దొరికినట్టే. కాగితం మీది లోగోలు చూసి మోసపోవద్దని కూడా చెప్పారాయన. ఐఎస్ఓ 9001 అన్నది ఆ సంస్థ ఆఫీసు పని పద్ధతికి ఇచ్చే గుర్తింపు, ఛాతీ ఎంత లోతు దిగిందో దానికి సంబంధం లేదు.

ఈ పనికి మనిషికి పదిహేను నిమిషాలు చాలు. పదకొండు మందికి కలిపి మూడు గంటలు కూడా పట్టదు. నాకు మూడు రోజులు పట్టింది ఫైలు చిందరవందరగా ఉండబట్టి. కష్టమని కాదు, ఎవరూ అడగరు కాబట్టి ఈ పని జరగదు. కండక్టర్ లైసెన్సు కోసం ప్రథమ చికిత్స సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళెవరైనా మీ ఇంటి చుట్టుపక్కల ఉంటే, ఎన్ని రోజులు నేర్చుకున్నారో ఒకసారి అడిగి చూడండి. అడిగే చోట కాగితం చాలనుకుంటే, అమ్మే చోట కాగితమే తయారవుతుంది.

*మన దగ్గరికి వస్తే*

ఇన్ని మాటలు కంపెనీల మీద వేసి మనం తప్పించుకోలేం. మొన్న మన కాలేజీ సెమినార్ హాల్లో సీపీఆర్ శిక్షణ జరిగింది. తొంభై మందిమి. ఒక్క బొమ్మ. గంటన్నర. మనిషికి రెండు నిమిషాల చొప్పున వేసినా తొంభై మందికి మూడు గంటలు కావాలి, అది కూడా ఉపన్యాసం, ఫోటోలు, శాలువా ఏమీ లేకుండా. బొమ్మని ముట్టుకున్నది ముందు వరసలో ఎనిమిది మంది. సర్టిఫికెట్లు తొంభై వచ్చాయి. వచ్చిన డాక్టరు గారు చాలా బాగా చెప్పారు, ఆయన తప్పేమీ లేదు. తప్పు ఆ కాగితం మీద 'ట్రైన్డ్' అని రాయించిన మనది.

ఒక మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి, లేకపోతే ఈ వ్యాసం చెడు చేస్తుంది. సర్టిఫికెట్ లేకపోతే, గడువు దాటితే చేయి వేయకూడదని నేను అనడం లేదు. ఎదురుగా మనిషి కుప్పకూలి, పిలిస్తే పలకక, మామూలుగా ఊపిరి తీయకపోతే, లేదా ఆగి ఆగి ఎగశ్వాసలాగా తీస్తుంటే, అది ఊపిరి కింద లెక్క కాదు. ఎవరితోనైనా 108కి ఫోన్ చేయించి ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. నోటితో ఊపిరి ఇవ్వడం రాకపోతే నొక్కడం ఒక్కటే చేయండి. చేతకాని నొక్కులు కూడా ఏమీ చేయకపోవడం కంటే నయం. రోడ్డు ప్రమాదాల్లో ఇలా సాయం చేసినవాళ్ళకి మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ రక్షణ కూడా ఇస్తుంది. సర్టిఫికెట్ అన్నది సాయం చేయడానికి లైసెన్సు కాదు. 'ఈ షిఫ్టులో ఏదైనా జరిగితే ఇతను చూసుకుంటాడు' అని తొంభై మందికి ఇచ్చే మాట. అబద్ధం అయితే ఆ మాటే ప్రమాదం, ఎందుకంటే దాన్ని నమ్మి ఇంకొకర్ని పెట్టుకోరు.

కాబట్టి మన ఎన్ఎస్ఎస్ వాళ్ళకి, ఫెస్ట్ కమిటీకి నా ప్రతిపాదన చిన్నది. వచ్చేసారి సెమినార్ పెడితే ఆ కాగితం మీద 'అవగాహన సదస్సులో పాల్గొన్నారు' అని మాత్రమే రాయించండి. శిక్షణ అని రాయాలంటే అందరూ బొమ్మ మీద చేయాలి, రానివాళ్ళకి కాగితం ఇవ్వకూడదు. ఫెస్ట్ డబ్బుల్లోంచి క్లిక్ శబ్దం వచ్చే రెండు బొమ్మలు కొని మెకానికల్ వర్క్‌షాప్ పక్క గదిలో పెట్టండి. మూడు నెలలకొక శనివారం, వచ్చినవాళ్ళందరికీ పదిహేను నిమిషాలు. కాగితం ఏమీ వద్దు, గోడ మీద ఒక చార్టులో పేరు, తేదీ చాలు.

ఆ ఫ్యాక్టరీలో చివరికి ఏమైందని అడుగుతారేమో. రాత్రి షిఫ్టు నుంచి ముగ్గుర్ని శిక్షణకి పంపాలని ఆఫీసర్ గారు నోట్ పెట్టారు. ఒకాయన వెళ్ళొచ్చాడు, మిగతా ఇద్దరి ఫైలు అకౌంట్స్‌లో ఉండగా నా ఇంటర్న్‌షిప్ అయిపోయింది. నేను వచ్చే రోజుకి షీటులో రాత్రి గడి ఎర్ర రంగు నుంచి పసుపుకి మారింది. ఆకుపచ్చ చేయమని ఎవరో అడిగితే ఆయన ఒప్పుకోలేదు.

నేను మాత్రం రెజ్యూమెలోంచి ఆ లైను తీసేశాను. ఆ జాగాలో ఏం పెట్టాలో ఇంకా తేలలేదు. మొన్న ఒక స్నేహితుడి ఇంట్లో గట్టి దిండు మీద నొక్కి చూసుకున్నాను. ముప్ఫై నొక్కులకి పదిహేడు సెకన్లు. లోతు సంగతి దిండు చెప్పదు, దానికి బొమ్మ కావాలి.